గ్యాస్ వెనక్కి తిరిగేలోపే

కాకినాడ దగ్గర గాడిమొగ తీరంలో ఒడ్డుకు చేరే కృష్ణా-గోదావరి గ్యాస్, ఆంధ్రప్రదేశ్ నుంచి బయలుదేరి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 2009లో గ్యాస్ పారడం మొదలైన ఈ పైప్‌లైన్ గొట్టం 48 అంగుళాల లావు. అంత లావు గొట్టంలోనూ గోడల రాపిడికి ప్రెషర్ కొంచెం కొంచెంగా తగ్గిపోతూనే ఉంటుంది. తగ్గిన ప్రెషర్‌ని మళ్లీ పెంచి గ్యాస్‌ని ముందుకు పంపడానికి ఇలాంటి పైప్‌లైన్ల వెంట కంప్రెసర్ స్టేషన్లు కడతారు.

దూరప్రయాణపు పెద్ద పైప్‌లైన్లలో ఈ పనికి ఎక్కువగా వాడేది సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఈ యంత్రం నెలల తరబడి ఆగకుండా నడుస్తుంది. దీనికి ఒకే ఒక్క పరిస్థితి పడదు. దాని గుండా పోయే గ్యాస్ మరీ తగ్గిపోకూడదు. తగ్గితే ముందుకు నెట్టిన గ్యాస్ దాని మీదికే వెనక్కి తిరుగుతుంది. దాన్నే సర్జ్ అంటారు. అది జరగకుండా కంప్రెసర్ పక్కన ఒక వాల్వ్ పెడతారు. అవసరమైనప్పుడు బయటికి పోయే గ్యాస్‌లో కొంత తిరిగి లోపలి వైపుకే మళ్లిస్తుంది కనుక దాని పేరు రీసైకిల్ వాల్వ్. యాంటీ సర్జ్ వాల్వ్ అని కూడా పిలుస్తారు. ఆ వాల్వ్ తెరుచుకుంటే సరిపోదు, ఎంత త్వరగా తెరుచుకుంటుందన్నదే అసలు సంగతి. ఎందుకో తెలియాలంటే గ్యాస్ ఎందుకు వెనక్కి తిరుగుతుందో ముందు చూడాలి.

గ్యాస్ ఎందుకు వెనక్కి తిరుగుతుంది

సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్‌లో ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం ఉంటుంది. మధ్యలోంచి వచ్చిన గ్యాస్‌ని అది గిర్రున తిప్పి అంచు వైపు విసురుతుంది. అలా వేగం అందుకున్న గ్యాస్, చక్రం చుట్టూ ఉన్న డిఫ్యూజర్ అనే ఖాళీలోకి వెళ్లి నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదించడంలోనే వేగం ప్రెషర్‌గా మారుతుంది.

గ్యాస్ పుష్కలంగా వస్తున్నంతసేపూ అది డిఫ్యూజర్‌ని చురుగ్గా దాటిపోతుంది. రాక తగ్గినకొద్దీ బయటికి సాగే వేగం తగ్గుతుంది, చుట్టూ తిరిగే వేగం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. దాంతో గ్యాస్ తిన్నగా బయటపడకుండా సుళ్లు తిరుగుతూ పొడవాటి దారి పడుతుంది. ఆ దారి పొడవునా గోడలకు ఆనుకుని ఉన్న పొర శక్తి కోల్పోతుంది. ఎదురుగా పెరుగుతున్న ప్రెషర్‌ని తోసుకుపోలేక ఒకచోట ఆ పొర నిలిచిపోతుంది, ఆపైన వెనక్కి మళ్లుతుంది.

ఇప్పుడు యంత్రం స్వభావమే తలకిందులవుతుంది. మామూలుగా ప్రవాహం కాస్త తగ్గితే కంప్రెసర్ ఇచ్చే ప్రెషర్ కాస్త పెరుగుతుంది. ఆ పెరిగిన ప్రెషర్ గ్యాస్‌ని మళ్లీ ముందుకు తోస్తుంది, తగ్గిన ప్రవాహం దానంతటదే సర్దుకుంటుంది. ఒక హద్దు దాటాక అలా కాదు. ప్రవాహం తగ్గితే ప్రెషర్ కూడా తగ్గుతుంది. అవతల గొట్టంలో నిలిచి ఉన్న గ్యాస్ ప్రెషర్ మాత్రం వెంటనే దిగదు. కంప్రెసర్ ఇచ్చేదానికంటే అవతల ఉన్నదే ఎక్కువైతే ప్రవాహం ఇంకా తగ్గుతుంది, దాంతో కంప్రెసర్ ఇచ్చే ప్రెషర్ ఇంకా పడిపోతుంది. ఈ పతనం ఎక్కడా ఆగదు. సెకనులో ఇరవయ్యో వంతు గడిచేలోపే ప్రవాహం సున్నాకు పడి వెనక్కి తిరగగలదు.

కరెంటు పోయినప్పుడు బోరు పైపులో నిలిచిన నీళ్లు, కింద వాల్వ్ సరిగ్గా పట్టకపోతే, దడదడమని జారిపోయి మోటారును ఉల్టా తిప్పేస్తాయి. సర్జ్‌లోనూ నిలిచిన గ్యాస్ ఇలాగే వెనక్కి దూకుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ కంప్రెసర్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అవతలి గ్యాస్ కొంత వెనక్కి జారేసరికి అక్కడి ప్రెషర్ తగ్గుతుంది, కంప్రెసర్ మళ్లీ అందుకుని ముందుకు నెడుతుంది. అవతల నిండగానే మళ్లీ వెనక్కి. గొట్టాల పరిమాణాన్నిబట్టి ఒక్కో విడత సెకనులోపు నుంచి మూడు సెకన్ల దాకా పట్టవచ్చు. ఎవరైనా ఆపేదాకా ఈ ముందు వెనకలు సాగుతూనే ఉంటాయి.

ప్రతి విడతలోనూ యంత్రం ఇరుసు మీద పడే తోపు దిశ మారుతుంది. ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచే థ్రస్ట్ బేరింగ్ మీద దెబ్బ మీద దెబ్బ పడుతుంది. ఒకసారి వేడెక్కిన గ్యాసే వెనక్కి వచ్చి మళ్లీ నలుగుతుంది కనుక లోపల వేడి పెరుగుతూ పోతుంది. వెంట్రుకవాసి ఖాళీతో తిరిగే సీళ్లు ఒరుసుకుని అరిగిపోతాయి. ఒకటి రెండు విడతలకు యంత్రం తట్టుకోవచ్చు. సర్జ్‌లోనే వదిలేస్తే మాత్రం బేరింగులు, సీళ్లు, చివరికి ఇంపెల్లరే పాడవుతాయి.

గీత ఎక్కడ గీస్తారు

కంప్రెసర్‌తో పాటు తయారీదారు ఒక పటం ఇస్తాడు. అడ్డంగా ప్రవాహం, నిలువుగా కంప్రెసర్ పెంచగలిగే ప్రెషర్. ఒక్కో వేగానికి ఒక్కో వంపు గీత ఉంటుంది. ప్రతి వంపుకూ ఎడమ కొసన, ఇంతకంటే ప్రవాహం తగ్గితే సర్జ్ అనే బిందువు ఉంటుంది. ఆ బిందువులన్నిటినీ కలిపితే వచ్చేదే సర్జ్ లైన్. దానికి కుడివైపు యంత్రం నిలకడగా నడుస్తుంది. ఎడమవైపు అడుగు పెట్టకూడదు.

కాగితం మీది గీతను స్టేషన్‌లో సరిచూసుకోవలసిందే. కొత్త యంత్రాన్ని నడిపించేటప్పుడు అనుభవం ఉన్న ఇంజినీర్లు ఒక వేగం దగ్గర నిలిపి, రీసైకిల్ వాల్వ్‌ను నెమ్మదిగా మూస్తూ పోతారు. ప్రవాహపు రీడింగ్ వణకడం మొదలైతే, లేదా ఒక్కసారి పడిపోతే, ఆ బిందువును రాసుకుని వెంటనే వాల్వ్ తెరిచేస్తారు. ఇలా మూడు నాలుగు వేగాల దగ్గర చేస్తే ఆ యంత్రం అసలు గీత దొరుకుతుంది.

ఇంకో చిక్కు ఉంది. గ్యాస్ బరువు మారినా, వచ్చే గ్యాస్ వేడి మారినా, ప్రవాహం అంకెల్లో సర్జ్ వచ్చే చోటు జరుగుతుంది. అందుకే కంట్రోలర్ నేరుగా ప్రవాహాన్ని చూడదు. లోపలికి వచ్చే గొట్టంలో ప్రవాహాన్ని కొలిచే సాధనం దగ్గర ప్రెషర్ తేడా ఎంత ఉందో చూసి, దాన్ని అక్కడి ప్రెషర్‌తో భాగిస్తుంది. రెండో లెక్కగా బయటికి పోయే ప్రెషర్‌ని లోపలికి వచ్చే ప్రెషర్‌తో భాగిస్తుంది. ఈ రెండు నిష్పత్తులతో పటం గీస్తే, గ్యాస్ గుణం మారినా సర్జ్ లైన్ దాదాపు ఒకేచోట నిలుస్తుంది.

గీతకు ఇవతల కాపలా

సర్జ్ లైన్ దాకా వెళ్లాక వాల్వ్ తెరిస్తే ఆలస్యమైపోయినట్టే. అందుకని దానికి కుడివైపు, ప్రవాహంలో పది శాతం ఎడంగా ఇంకో గీత గీస్తారు. అదే కంట్రోల్ లైన్. 70 యూనిట్ల దగ్గర సర్జ్ వచ్చేటట్లయితే కంట్రోల్ లైన్ 77 దగ్గర ఉంటుందన్నమాట. ఎడం కొన్నిచోట్ల ఇంతకంటే ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ పెడతారు.

అవతల ఎరువుల కర్మాగారమో విద్యుత్ కేంద్రమో గ్యాస్ వాడకం తగ్గించింది అనుకుందాం. కంప్రెసర్ గుండా పోయేది 100 నుంచి 90కి, 80కి దిగుతుంది. 77 దగ్గరికి రాగానే కంట్రోలర్ రీసైకిల్ వాల్వ్‌ను కొద్దిగా తెరుస్తుంది. అవతలికి పోయేది 70కి తగ్గినా, మిగిలిన 7 వాల్వ్ గుండా చుట్టు తిరిగి వస్తుంది. కంప్రెసర్ లెక్కకు మాత్రం 77 వెళుతూనే ఉంటుంది. కంప్రెసర్‌లో వేడెక్కిన గ్యాసే తిరిగి వస్తుంది కనుక, ఎక్కువసేపు ఇలా నడవవలసి వస్తే ఆ దారిలో కూలర్ తప్పనిసరి.

ఇలా చుట్టు తిప్పిన గ్యాస్‌ని నొక్కడానికి ఖర్చయిన ఇంధనం దండగే. ఎడం ఎక్కువ పెడితే వాల్వ్ అవసరం లేనప్పుడూ తెరుచుకుని ఇంధనం తినేస్తుంది. తక్కువ పెడితే ఒక్కసారి వాడకం పడిపోయినప్పుడు కంట్రోలర్‌కు వ్యవధి చాలదు. అందుకని మంచి కంట్రోలర్లు ఆ ఎడాన్ని పరిస్థితినిబట్టి జరుపుతాయి. బిందువు నెమ్మదిగా ఎడమకు వస్తే గీత కదలదు. అదే దూసుకొస్తుంటే గీతే కుడివైపు జరిగి ఎదురెళుతుంది, వాల్వ్ ముందే తెరుచుకోవడం మొదలవుతుంది. దాన్నీ దాటి బిందువు సర్జ్ లైన్‌కు ఇంకా దగ్గరికి వస్తే, మెల్లగా సర్దే లెక్కలన్నీ పక్కనపెట్టి వాల్వ్‌ను ఒక్క గెంతులో బాగా తెరిచేస్తుంది.

తెరవడంలో ఎంత తొందరో మూయడంలో అంత నిదానం ఉండాలి. వెంటనే మూసేస్తే బిందువు మళ్లీ ఎడమకు పరిగెత్తుతుంది, మళ్లీ తెరవవలసి వస్తుంది. అందుకే మూసుకునే వేగాన్ని కావాలనే తగ్గించి ఉంచుతారు.

ట్రిప్ అయ్యాక మొదటి సెకను

వాడకం తగ్గడం లాంటి మార్పులకు కొన్ని సెకన్లో నిమిషాలో పడతాయి. వాల్వ్‌కు అసలు పరీక్ష, కంప్రెసర్‌ని తిప్పే గ్యాస్ టర్బైన్ ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు. టర్బైన్ ఆగితే కంప్రెసర్ కూడా ఆగిపోతుంది కదా, ఇక సర్జ్ ఎక్కడిది అనిపిస్తుంది. ఆగిపోవడానికి వ్యవధి కావాలి. ప్రమాదమంతా ఆ వ్యవధిలోనే ఉంది.

ఒక స్టేషన్‌ను ఊహించుకుందాం. అంకెలు లెక్క తెలియడానికే. గ్యాస్ 50 బార్ ప్రెషర్‌తో లోపలికి వస్తోంది, 75 బార్‌తో బయటికి పోతోంది. కంప్రెసర్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతోంది. ఆ వేగం దగ్గర సర్జ్ వచ్చేలోపు కంప్రెసర్ ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి, ఇప్పుడు ఇస్తున్నదానికంటే ఇరవై శాతం ఎక్కువ అనుకుందాం. నిలకడగా నడిచేటప్పుడు అది చాలినంత ఎడమే.

టర్బైన్‌కు ఇంధనం ఆగిన క్షణం నుంచి తిప్పే బలం లేదు. గ్యాస్‌ని నొక్కే పని మాత్రం యంత్రాన్ని గట్టిగా బ్రేకు వేసినట్టు ఆపుతోంది. ఇలాంటి యంత్రాలు మొదటి సెకనులోనే ఇరవై నుంచి ముప్పై శాతం వేగం కోల్పోగలవు. మన లెక్కలో ఇరవై అయిదు శాతం తీసుకుంటే, ఒక్క సెకనులో 8,000 కాస్తా 6,000 అవుతుంది.

కంప్రెసర్ ఇచ్చే శక్తి వేగంతో సమానంగా తగ్గదు, వేగపు వర్గంతో తగ్గుతుంది. వేగం 0.75 వంతుకు దిగితే శక్తి 0.75 × 0.75, అంటే 0.56 వంతుకు దిగుతుంది. ఇరవై శాతం ఎడాన్ని కలిపినా 1.2 × 0.56, దాదాపు 0.67 మాత్రమే. అవతల 75 బార్‌ను నిలబెట్టడానికి కావలసినదానిలో ఇది మూడింట రెండు వంతులు. ఆ సెకను చివరికి కంప్రెసర్ సర్జ్ కాకుండా ఉండాలంటే బయటి ప్రెషర్ 75 నుంచి సుమారు 66 బార్‌కు దిగి ఉండాలి.

దిగకపోతే? వేగం ఎక్కడికి రాగానే ఎడం పూర్తిగా అయిపోతుందో కూడా లెక్కవేయవచ్చు. వేగం 8,000 నుంచి దాదాపు 7,300కు తగ్గేసరికి ఆ ఇరవై శాతమూ ఖర్చయిపోతుంది. సెకనుకు 2,000 చొప్పున తగ్గుతుంటే 7,300కు రావడానికి పట్టేది 0.35 సెకను. బయటి ప్రెషర్ కదలకపోతే, ట్రిప్ అయిన సెకనులో మూడో వంతుకే గ్యాస్ వెనక్కి తిరుగుతుంది.

బయటి ప్రెషర్ దానంతటది ఎందుకు దిగదో చూద్దాం. కంప్రెసర్ తర్వాత గొట్టంలో ఒక నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటుంది. అవతలి వందల కిలోమీటర్ల పైప్‌లైన్‌లోని గ్యాస్ వెనక్కి రాకుండా అది మూసుకుంటుంది. అంత గ్యాస్ మీద పడకుండా కాపాడేది అదే. మరి కంప్రెసర్‌కూ ఆ వాల్వ్‌కూ మధ్య గొట్టంలో చిక్కుకున్న గ్యాస్ సంగతి? అది 75 బార్ దగ్గరే ఉంది. దానికి రెండే దారులు. ఒకటి కంప్రెసర్ గుండా వెనక్కి, రెండోది రీసైకిల్ వాల్వ్ గుండా చుట్టు తిరిగి. రెండో దారి సమయానికి తెరుచుకోకపోతే గ్యాస్ మొదటి దారి పడుతుంది.

ఇందువల్లే రీసైకిల్ గొట్టాన్ని నాన్ రిటర్న్ వాల్వ్‌కు ఇవతలే కలపాలి. మధ్యలోని గొట్టం వీలైనంత పొట్టిగా ఉండాలి. ఆ మధ్య ఖాళీ 10 ఘనపు మీటర్లయితే, 75 నుంచి 66 బార్‌కు దించడానికి సుమారు 40-50 కిలోల గ్యాస్ తీసేయాలి. ఖాళీ 30 ఘనపు మీటర్లయితే దానికి మూడింతలు. కంప్రెసర్ ఇంకా ముందుకు పంపుతున్న గ్యాస్ దీనికి అదనం. ఇదంతా ఒక్క సెకనులో ఒకే వాల్వ్ గుండా పోవాలి. పెద్ద కూలర్‌ను ఆ మధ్యలో పెడితే దాని కడుపులోని ఖాళీ కూడా ఈ లెక్కలో చేరుతుంది.

సర్జ్ అనేది కంప్రెసర్ ఒక్కదాని గుణం కాదని, కంప్రెసర్‌తో పాటు అవతలి ఖాళీదీ గుణమని 1976లో ఎడ్వర్డ్ గ్రైట్జర్ అనే ఇంజినీరు లెక్కకట్టి చూపించాడు. ఆయన పరిశీలించినవి విమాన ఇంజిన్లలో వాడే తరహా కంప్రెసర్లు. అవతలి ఖాళీ పెరిగినకొద్దీ, యంత్రం వేగం పెరిగినకొద్దీ గ్యాస్ మొత్తంగా వెనక్కి తిరిగే సర్జ్ వైపే మొగ్గుతుందన్నది ఆయన తేల్చిన విషయం. పైప్‌లైన్ స్టేషన్‌లో గొట్టం పొడవు ఎంతన్నది అందుకే కంట్రోల్ ఇంజినీరుకు కూడా పట్టే విషయం.

ఆ సెకను ఎక్కడ పోతుంది

ట్రిప్ వేళ కంట్రోలర్ లెక్క కోసం ఎదురుచూడరు. టర్బైన్‌ను ఆపిన సంకేతమే రీసైకిల్ వాల్వ్ మీది సోలనాయిడ్‌కు కూడా వెళుతుంది. వాల్వ్‌ను మూసి ఉంచేది గాలి, తెరిచేది స్ప్రింగ్. సోలనాయిడ్ ఆ గాలిని బయటికి వదిలేస్తే స్ప్రింగ్ వాల్వ్‌ను లాగి తెరుస్తుంది. కరెంటు పోయినా, గాలి గొట్టం తెగినా వాల్వ్ తెరుచుకునే వైపే పోవాలి కనుక ఇలా అమర్చారు.

సోలనాయిడ్ కదలడానికి సెకనులో పదో వంతు పడుతుంది. ఆ తర్వాత సిలిండర్‌లోని గాలి బయటికి పోవాలి. పెద్ద వాల్వ్‌కు సిలిండరూ పెద్దదే, అందులో గాలీ ఎక్కువే. దాన్ని సన్నటి గొట్టం గుండా, చిన్న సోలనాయిడ్ రంధ్రం గుండా వదిలితే అయిదారు సెకన్లు పట్టినా ఆశ్చర్యం లేదు. మన లెక్కలో అప్పటికే ఎన్నో విడతల సర్జ్ జరిగిపోయి ఉంటుంది. అందుకని గాలి గొట్టాలు లావుగా వేస్తారు, సిలిండర్ పక్కనే వాల్యూమ్ బూస్టర్లు, గాలిని ఒక్కసారిగా వదిలే ఎగ్జాస్ట్ వాల్వులు పెడతారు. చిన్న వాల్వ్ అయితే ఒక సెకనులో, చాలా పెద్దదయితే రెండు సెకన్లలోపు పూర్తిగా తెరుచుకోవాలని సాధారణంగా కోరతారు.

వాల్వ్ పెద్దదయినకొద్దీ గ్యాస్ బాగా పోతుంది, కానీ నిదానిస్తుంది. మామూలు రోజుల్లో కొద్దికొద్దిగా సర్దడమూ కష్టమవుతుంది. ఒకే వాల్వ్‌తో రెండు పనులూ కుదరనప్పుడు రెండో వాల్వ్ పెడతారు. కంప్రెసర్ బయటి నోటి దగ్గరే పొట్టి గొట్టంతో, కూలర్ లేకుండా నేరుగా లోపలి వైపుకు కలిపే ఈ రెండోది ట్రిప్ వేళే తెరుచుకుంటుంది. వేడి గ్యాస్ తిరిగి వచ్చినా యంత్రం ఆగిపోయేదాకా కొద్ది సెకన్లే కనుక ఫర్వాలేదు.

ట్రిప్ లేకుండా, వాడకం వేగంగా పడిపోయే సందర్భంలో మాత్రం కొలిచే సాధనం మీదే భారమంతా ఉంటుంది. ప్రవాహాన్ని చెప్పే ట్రాన్స్‌మిటర్‌లో డ్యాంపింగ్ అనే ఒక అమరిక ఉంటుంది. వణుకుతున్న రీడింగ్‌ను నున్నగా చూపడానికి ఎవరో దాన్ని రెండు సెకన్లకు పెంచితే తెరమీద గీత అందంగా కనిపిస్తుంది. కంట్రోలర్‌కు మాత్రం రెండు సెకన్ల పాత కబురు అందుతుంది. సర్జ్ మొదలై ముగిసినా ఆ నున్నటి గీతలో జాడ కనిపించకపోవచ్చు.

ఎలా తెలుస్తుంది

సర్జ్ వచ్చిందంటే స్టేషన్‌లో ఉన్నవాళ్లకు ముందు చెవులకే తెలుస్తుంది. బలమైన ఊపిరి లాంటి హోరు తెరలు తెరలుగా వస్తుంది, నాన్ రిటర్న్ వాల్వ్ ధనధనా కొట్టుకుంటుంది. కంట్రోల్ రూమ్‌లో ప్రవాహం ఒక్కసారిగా పడి మళ్లీ లేస్తుంది, బయటి ప్రెషర్ దాంతోపాటు ఊగుతుంది, లోపలికి వచ్చే గ్యాస్ వేడి పెరుగుతుంది, ఇరుసు ముందు వెనకల కదలిక చూపే రీడింగ్ గెంతుతుంది. అప్పుడు చేయవలసింది ఒక్కటే, రీసైకిల్ వాల్వ్ పూర్తిగా తెరవాలి. అప్పటికీ ఆగకపోతే యంత్రాన్ని ఆపాలి.

ట్రిప్ వేళ వచ్చే సర్జ్ మాత్రం ఇంత గట్టిగా చెప్పుకోదు. ఒకటి రెండు విడతలు కొట్టి, యంత్రం నెమ్మదించగానే పోతుంది. అందరి దృష్టీ ట్రిప్ ఎందుకైందన్న దానిమీదే ఉంటుంది. సెకనుకోసారి నమోదయ్యే రికార్డులో అది కనిపించదు. సెకనుకు కనీసం పది ఇరవై సార్లు నమోదయ్యే రికార్డు తీసి, వేగం, ప్రవాహం, రెండు ప్రెషర్లు, వాల్వ్ స్థానం ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే తెలుస్తుంది. వాల్వ్ పూర్తిగా తెరుచుకోకముందే ప్రవాహం సున్నాను తాకిందా? తాకితే ఆ ట్రిప్‌లో యంత్రం దెబ్బ తిన్నట్టే.

నెలల తరబడి మూసి ఉన్న వాల్వ్ పట్టేయవచ్చు, బూస్టర్‌లో దుమ్ము చేరవచ్చు, గాలి గొట్టం మార్చేటప్పుడు సన్నటిది వేసి ఉండవచ్చు. ఇవేవీ మామూలు రోజున బయటపడవు, ఎందుకంటే మామూలు రోజున వాల్వ్ నిదానంగా కదిలినా పని జరిగిపోతుంది. అందువల్ల యంత్రాన్ని ఆపిన ప్రతి వార్షిక మరమ్మతులోనూ సోలనాయిడ్ కరెంటు తీసేసి, వాల్వ్ పూర్తిగా తెరుచుకోవడానికి ఎంత పట్టిందో కొలవాలి. ఆ అంకెను యంత్రం బిగించిన నాటి అంకె పక్కన రాయాలి. మొదట 0.9 సెకను ఉన్నది ఈసారి 1.6 అయిందంటే, వాల్వ్ తెరుచుకుంటోంది కదా అని సంతకం పెట్టి వదిలేయకూడదు. మన లెక్కలోని స్టేషన్‌కు ఆ తేడా చాలు, తర్వాతి ట్రిప్‌లో గ్యాస్ వెనక్కి తిరగడానికి.